కుళాయి నీళ్లు సరిగా రావట్లేదా? మున్సిపాలిటీకి అర్జీ రాసే ముందు 21 రోజులు లెక్క రాయండి

మా కాలనీ సంక్షేమ సంఘం తరఫున నీళ్ల గురించి మేం ఇచ్చిన మొదటి అర్జీ ఒకటిన్నర పేజీ ఉండేది. అందులో "తీవ్ర ఇబ్బందులు" అన్న మాట నాలుగుసార్లు ఉంది. తేదీ మాత్రం ఒక్కటీ లేదు. వారం తర్వాత మున్సిపాలిటీ అసిస్టెంట్ ఇంజనీరు, అంటే ఏఈ గారు ఉదయం వచ్చారు, కాలనీలోకి అడుగుపెట్టగానే కనబడే మొదటి ఇంట్లో కుళాయి తిప్పించారు. నీళ్లు ధారగా పడ్డాయి. "సరఫరా సక్రమంగానే ఉన్నది" అని రాసి ఫైలు మూసేశారు. ఆయన అబద్ధం రాయలేదు. మొదటి లైన్లో నిజంగానే నీళ్లొస్తాయి. రానిది నాలుగో లైన్లో. మా అర్జీలో ఆ ముక్క ఎక్కడా లేదు.

రెండో అర్జీకి తొమ్మిదో రోజున పని మొదలైంది. అధికారులు మారలేదు, కాలనీ మారలేదు, మారింది కాగితం. ఆ కాగితం ఎలా తయారైందో వరసగా చెబుతాను. మాది ఆంధ్రాలో కృష్ణా కాలువ నీళ్ల మీద బతికే ఒక మున్సిపాలిటీ. 84 ఇళ్లు, నాలుగు లైన్లు, భూగర్భ డ్రైనేజీ లేదు. రోజు విడిచి రోజు ఉదయం 6 నుంచి 7 దాకా నీళ్లు వదలాలి. మీ ఊళ్లో టైములు వేరే ఉంటాయి, పద్ధతి ఇదే పనికొస్తుంది.

ముందు ఇంటి సంగతి చూసుకోండి

అర్జీ అనగానే పెన్ను తీయకండి. ముందు కాలనీలో ఎన్ని ఇళ్లకి మున్సిపల్ కుళాయికి నేరుగా మోటారు బిగించి ఉందో చూడండి. ఇది మాట్లాడటానికి ఇబ్బందిగానే ఉంటుంది, ఎందుకంటే ఆ ఇళ్లలో ఒకటి సంఘం కోశాధికారిది కావచ్చు. మా దగ్గర తొమ్మిది తేలాయి. పైపులోంచి ఒకరు మోటారుతో లాగితే వెనకున్న ఇంటికి నీళ్లు తగ్గుతాయి, పైగా పైపులో ఎక్కడైనా పగులుంటే బయటి మురికి లోపలికి వస్తుంది. అది నిబంధనలకు విరుద్ధం కూడా. అధికారి వచ్చినప్పుడు మొదట కనబడేది ఆ మోటారే, ఆయన రాసేదీ అదే: "నివాసితులు అక్రమంగా మోటార్లు వాడుచున్నందున చివరి ఇళ్లకు నీరు అందుటలేదు." అక్కడితో మీ అర్జీ పని అయిపోయినట్టే.

మేం మీటింగ్ పెట్టి, నెల రోజులపాటు ఎవరూ లైనుకి మోటారు పెట్టకూడదని తీర్మానం చేసి మినిట్స్ పుస్తకంలో రాశాం. ఇద్దరు అలిగారు. కానీ ఆ తీర్మానం కాపీ తర్వాత అర్జీకి జత చేస్తే చాలా పనికొచ్చింది. మోటార్లు తీసేశాక కూడా చివరి లైన్లో నీళ్లు పెరగలేదంటే తప్పు పైపులోనో వాల్వులోనో ఉందని అర్థం.

అదే మీటింగ్‌లో ఇంకో తీర్మానం కూడా రాసుకోండి. నీటి సరఫరా విషయంలో సంఘం తరఫున అర్జీ ఇవ్వడానికి, సంతకం చేయడానికి అధ్యక్షుడికీ కార్యదర్శికీ అధికారం ఇస్తున్నామని. సంఘం సొసైటీల చట్టం కింద రిజిస్టర్ అయి ఉంటే ఆ నంబరు అర్జీ పైన వేయాలి. రిజిస్టర్ కాకపోయినా అర్జీ ఇవ్వచ్చు, అప్పుడు "ఫలానా కాలనీ నివాసితులు" అని రాసి అందరూ సంతకాలు పెడితే సరిపోతుంది.

లాగ్ పుస్తకం

అసలు పని ఇక్కడుంది. ఒక 100 పేజీల నోటు పుస్తకం, ఒక బకెట్టు, ఫోన్లో స్టాప్‌వాచ్ చాలు.

ప్రతి లైన్లో ఒక ఇంటిని ఎంచుకోండి, వీలైతే లైను చివరి ఇల్లు. ఉదయం తప్పకుండా మెలకువగా ఉండే మనిషి ఉన్న ఇల్లయితే మంచిది. మా నాలుగో లైన్లో ఆ పని ఒక రిటైర్డ్ తెలుగు మేష్టారు తీసుకున్నారు. 21 రోజుల్లో ఒక్కరోజు కూడా తప్పలేదు, నీళ్లు రాని రోజు కూడా "రాలేదు" అని రాసి కింద సంతకం పెట్టేవారు. రాని రోజులే మీ కేసుకి ప్రాణం, వాటిని ఖాళీగా వదిలేస్తే ఎవరో మర్చిపోయారనుకుంటారు.

నీళ్లు రాగానే వాట్సాప్ గ్రూపులో "4వ లైను, వచ్చాయి" అని ఒక్క ముక్క పెట్టమనండి, ఆగగానే "ఆగాయి" అని. ఆ మెసేజ్ మీద టైము దానంతటదే పడుతుంది. తర్వాత తీరిగ్గా పుస్తకంలోకి ఎక్కించుకోవచ్చు. రేపు ఎవరైనా "ఇదంతా ఒక్క రాత్రి కూర్చుని రాసుకున్నారు" అంటే స్క్రీన్‌షాట్లు చూపించచ్చు.

ధార ఎంతుందో కొలవడానికి బకెట్టు. 20 లీటర్ల వాటర్ టిన్నుతో నీళ్లు పోసి, బకెట్టు మీద ఎక్కడిదాకా వచ్చిందో మార్కర్‌తో గీత గీయండి. నీళ్లు మొదలైన పది నిమిషాల తర్వాత, పైపులో గాలి పోయాక, గీతదాకా నిండటానికి ఎంతసేపు పట్టిందో చూడండి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. డాబా మీది ట్యాంకు నుంచి వచ్చే కుళాయి కింద కొలుస్తారు. అది మీ ట్యాంకు నీళ్లు, మున్సిపాలిటీవి కావు. వీధి పైపు నుంచి ఇంట్లోకి వచ్చే మొట్టమొదటి కుళాయి దగ్గరే కొలవాలి, ఇంట్లో మిగతావన్నీ కట్టేసి.

మా నాలుగో లైను పుస్తకంలో మొదటి నాలుగు వంతులు, అంటే నీళ్లు వదలాల్సిన మొదటి నాలుగు రోజులు, ఇలా ఉన్నాయి:

| తేదీ | వచ్చింది | ఆగింది | నిమిషాలు | 20 లీటర్లు నిండటానికి | గమనిక |
|---|---|---|---|---|---|
| జూన్ 2 | 6:10 | 6:35 | 25 | 4 ని. | కరెంటు ఉంది |
| జూన్ 4 | రాలేదు | – | 0 | – | 8:20కి లైన్‌మన్‌కి ఫోన్ చేశాం, "మోటారు రిపేరు" అన్నారు |
| జూన్ 6 | 7:25 | 7:45 | 20 | 4 ని. 10 సె. | ముందుగా సమాచారం లేదు |
| జూన్ 8 | 6:05 | 6:28 | 23 | 3 ని. 50 సె. | కరెంటు ఉంది |

గమనిక గడిలో కరెంటు సంగతి ఎందుకంటే, నీళ్లు రాని ప్రతి రోజుకీ "పంప్‌హౌస్‌లో కరెంటు లేదండీ" అన్న జవాబు వస్తుంది. ఒక్కోసారి అది నిజమే. నిజమైతే అదీ తెలియాలి, అప్పుడు అడగాల్సింది వేరే ఉంటుంది. ఫోన్ చేస్తే ఎవరికి చేశారు, ఎన్నింటికి, ఏమన్నారు అన్నది మాటకి మాట రాయండి. మనిషి పేరు అక్కర్లేదు, హోదా చాలు.

21 రోజులే ఎందుకు అంటే శాస్త్రమేమీ లేదు. వారం రోజులైతే "ఆ వారం రిపేరు నడిచింది" అని తేలిగ్గా తీసేస్తారు. రెండు నెలలైతే రాసేవాళ్లకి విసుగొచ్చి మధ్యలో మానేస్తారు. రోజు విడిచి రోజు వచ్చే ఊళ్లో 21 రోజులంటే 11 వంతులు, ఒక తీరు కనబడటానికి అవి చాలు.

ఒక్క విషయంలో మాత్రం 21 రోజులు ఆగకూడదు. నీళ్లు మురుగు వాసన వస్తున్నా, వీధిలో ఒకేసారి నలుగురైదుగురికి విరేచనాలు పట్టుకున్నా అదే రోజు ఫోన్లో, కాగితం మీద, రెండు విధాలా ఫిర్యాదు చేయండి, క్లోరిన్ పరీక్ష చేయమని అడగండి. కుళాయి దగ్గర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది తాగునీటి ప్రమాణం. దాన్ని ఈ అర్జీలో కలపకండి. కలిపితే రెండూ వేర్వేరు సెక్షన్లకి తిరిగి రెండూ ఆలస్యమవుతాయి.

లెక్క కట్టడం

పుస్తకం నిండాక కూర్చుని మూడు అంకెలు తీయండి. ఎన్ని వంతులు రావాలి, ఎన్ని వచ్చాయి. మొత్తం ఎన్ని నిమిషాలు రావాలి, ఎన్ని వచ్చాయి. మనిషికి రోజుకి ఎన్ని లీటర్లు పడ్డాయి.

మాకు 11 వంతులు రావాలి, 8 వచ్చాయి. జూన్ 4, 12, 18 పూర్తిగా ఎగ్గొట్టారు. వచ్చిన 8లో మూడే పావుగంట అటూ ఇటూగా టైముకి వచ్చాయి. వంతుకి 60 నిమిషాల చొప్పున 660 నిమిషాలు రావాలి. మొదటి లైన్లో వంతుకి సగటున 45 నిమిషాలు, అంటే మొత్తం 360 నిమిషాలు వచ్చాయి. నాలుగో లైన్లో సగటు 22, మొత్తం 176.

ఇక లీటర్లు. మొదటి లైన్లో 20 లీటర్లకి ఒక నిమిషం 20 సెకన్లు పట్టింది, అంటే నిమిషానికి 15 లీటర్లు. 45 నిమిషాలకి 675, ఎనిమిది వంతులకి 5,400 లీటర్లు. దాన్ని 21 రోజులతో, ఇంట్లో నలుగురితో భాగిస్తే మనిషికి రోజుకి 64 లీటర్లు. నాలుగో లైన్లో నాలుగు నిమిషాలు పట్టింది, నిమిషానికి 5 లీటర్లు. 22 నిమిషాలకి 110, ఎనిమిది వంతులకి 880. అదే భాగహారం చేస్తే మనిషికి రోజుకి పదిన్నర లీటర్లు. ఒక్క బకెట్టుకి సగం.

ఈ అంకె పక్కన పెట్టడానికి ఒక ప్రమాణం కావాలి. చాలా అర్జీల్లో "మనిషికి 135 లీటర్లు ఇవ్వాలి" అని ధీమాగా రాస్తారు. అక్కడే దొరికిపోతారు. కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ కింద ఉండే సాంకేతిక సంస్థ సీపీహెచ్‌ఈఈఓ 1999లో ఇచ్చిన నీటి సరఫరా మాన్యువల్‌లో 135 అన్నది భూగర్భ డ్రైనేజీ ఉన్న, లేదా త్వరలో వేయబోతున్న ఊళ్లకి. అది లేకుండా పైపులైను మాత్రమే ఉన్న ఊళ్లకి 70. మాది రెండో రకం. మేం 135 అని రాసుంటే ఏఈ గారికి మొదటి పేరాలోనే మాకు విషయం తెలియదని అర్థమైపోయేది. 70 అని రాస్తే ఆయన వాదించడానికి ఏమీ మిగల్లేదు. ఈ మాన్యువల్‌ని 2024లో సవరించారు కాబట్టి ఏ ఏడాది ఎడిషన్ చూసి రాశారో తప్పకుండా వేయండి. ఇంకో సంగతి, ఇది పథకాలు డిజైన్ చేయడానికి పెట్టుకున్న కొలత, అడగ్గానే ఇచ్చి తీరాల్సిన హక్కు పత్రం కాదు. అందుకే "చట్టం ప్రకారం 70 ఇవ్వాలి" అని రాయకండి, "ప్రమాణం 70, మాకు అందుతున్నది పదిన్నర" అంటే చాలు.

లెక్క చూస్తుంటే మాకే తెలియని విషయం ఒకటి బయటపడింది. మొదటి లైన్లో 64, ఇంచుమించు ప్రమాణం దగ్గరే ఉంది. రెండో లైన్లో బకెట్టుకి నిమిషంన్నర. మూడో లైన్లో ఒక్కసారిగా మూడు నిమిషాల 20 సెకన్లు. నెమ్మదిగా తగ్గుతూ రావడం కాదు, రెండుకీ మూడుకీ మధ్య తెగినట్టు పడిపోయింది. ట్యాంకులో నీళ్లు తక్కువైతే అన్ని లైన్లూ కలిసి తగ్గుతాయి. చివరికి పోతున్నకొద్దీ పీడనం తగ్గడం మామూలే, అయినా అది మెల్లగా తగ్గుతుంది. ఇలా ఒకే చోట సగానికి సగం పడిపోయిందంటే ఆ చోట ఏదో అడ్డం ఉందన్నమాట. సగం మూసుకున్న వాల్వో, పగిలిన పైపో, తుప్పు పట్టి పూడుకుపోయిన ముక్కో. కాబట్టి "నీళ్లు పెంచండి" అని అడగాల్సిన పని లేదు, "ఈ మలుపు దగ్గర తవ్వి చూడండి" అంటే చాలు. మొదటిది కమిషనర్ గారి చేతిలో కూడా లేని పని. రెండోది ఒక ఫిట్టరూ ఇద్దరు కూలీలూ ఒక పూటలో చేసేది.

అర్జీ రాయడం

పేజీన్నర దాటనివ్వకండి. వివరాలన్నీ జతపరిచిన కాగితాల్లో ఉంటాయి. కమిషనర్ గారి పేరిట రాసి, కాపీ మున్సిపల్ ఇంజనీరుకీ, వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీకీ, కౌన్సిలర్ ఉంటే ఆయనకీ పెట్టండి. మేం ఇచ్చింది ఇంచుమించు ఇలా ఉంది. ఖాళీల్లో మీవి నింపుకోండి.

> ____________ కాలనీ సంక్షేమ సంఘం
> రిజిస్ట్రేషన్ నం. ________
> తేదీ: ________
>
> గౌరవనీయులైన మున్సిపల్ కమిషనర్ గారికి,
> ____________ మున్సిపాలిటీ.
>
> విషయం: ____ వార్డు, ________ కాలనీ 3, 4 లైన్లలోని 41 ఇళ్లకు తాగునీరు క్రమం తప్పి, తక్కువ పీడనంతో వచ్చుట – 2వ, 3వ లైన్ల మధ్య పైపులైను, వాల్వు తనిఖీ చేయించవలసిందిగా కోరుట – గురించి.
>
> సూచిక: 1) తేది ________ నాటి మా అర్జీ, ఇన్‌వార్డ్ నం. ____. 2) సంఘం తీర్మానం నం. ____, తేది ________.
>
> ఆర్యా,
>
> మా కాలనీకి రోజు విడిచి రోజు ఉదయం 6 నుంచి 7 గంటల వరకు నీరు విడుదల చేయవలసి ఉన్నది. జూన్ 2 నుంచి 22 వరకు నాలుగు లైన్లలోనూ ప్రతి వంతు వివరాలను నమోదు చేశాము. ఆ కాలంలో 11 వంతులకు 8 మాత్రమే వచ్చినవి. జూన్ 4, 12, 18 తేదీలలో నీరు రాలేదు.
>
> వచ్చిన వంతులలో 1వ లైనుకు సగటున 45 నిమిషాలు, 4వ లైనుకు 22 నిమిషాలు నీరు అందినది. 20 లీటర్ల బకెట్టు నిండుటకు 1వ లైనులో 1 నిమిషం 20 సెకన్లు, 2వ లైనులో 1 నిమిషం 30 సెకన్లు, 3వ లైనులో 3 నిమిషాల 20 సెకన్లు, 4వ లైనులో 4 నిమిషాలు పట్టినది. నలుగురు గల కుటుంబానికి లెక్కించగా 4వ లైనులో మనిషికి రోజుకు సుమారు 10.5 లీటర్లు అందుచున్నవి. భూగర్భ డ్రైనేజీ లేని పట్టణాలకు సీపీహెచ్‌ఈఈఓ మాన్యువల్ (1999) సూచించిన ప్రమాణం 70 లీటర్లు.
>
> నమోదు కాలంలో కాలనీలో ఎవరూ కుళాయికి నేరుగా మోటారు బిగించలేదు. ఇందుకు సంబంధించిన తీర్మానం జతపరచడమైనది.
>
> కావున దయతో,
> 1) నీరు విడుదలయ్యే రోజు ఉదయం, మా ప్రతినిధుల సమక్షంలో 2వ, 3వ లైన్ల మధ్య పైపులైను, వాల్వు తనిఖీ చేయించవలసిందిగాను,
> 2) సరఫరా తేదీలు, వేళలు వ్రాతపూర్వకంగా తెలిపి, వంతు రద్దయినప్పుడు ముందుగా సమాచారం ఇప్పించవలసిందిగాను,
> 3) మరమ్మతు పూర్తయ్యే వరకు వంతు తప్పిన రోజులలో 3, 4 లైన్లకు ట్యాంకరు పంపవలసిందిగాను కోరుచున్నాము.
>
> తీసుకున్న చర్యను 15 రోజులలో వ్రాతపూర్వకంగా తెలియజేయ ప్రార్థన.
>
> ఇట్లు,
> అధ్యక్షులు / కార్యదర్శి
>
> జతపరచినవి: లాగ్ పుస్తకం నకలు, లైన్ల పటం, ఫొటోలు, తీర్మానాల నకళ్లు, కుళాయి పన్ను రసీదులు, సంతకాల జాబితా.

విషయం అన్న లైను చదివి టపా గుమాస్తా ఫైలు ఏ సెక్షనుకి పంపాలో తేల్చుకుంటాడు. "నీటి సమస్య గురించి" అని వదిలేస్తే అది ఎక్కడెక్కడ తిరుగుతుందో ఎవరికీ తెలియదు. వార్డు, లైను, ఏం చేయాలి, ఈ మూడూ అందులోనే ఉండాలి. మాట తీరు గురించి ఒక్క మాట. మా సభ్యుల్లో ఒకాయన "లేనియెడల ధర్నా చేయుదుము" అని చేర్చమని పట్టుబట్టారు. చేర్చలేదు. అంకెలు గట్టిగా ఉన్న కాగితం మీద బెదిరింపు పెడితే చదివేవాడి కళ్లు అంకెల మీంచి జారి దాని మీద పడతాయి.

జత చేసే కాగితాలు

లైన్ల పటం చేత్తో గీసింది చాలు. ప్రధాన పైపు ఎటునుంచి వస్తుంది, నాలుగు లైన్లు, కొలిచిన నాలుగు ఇళ్లు, ఒక్కో ఇంటి దగ్గర బకెట్టు టైము రాసి, అనుమానం ఉన్న మలుపు దగ్గర ఎర్ర పెన్నుతో చుట్టండి. పేజీన్నర అర్జీ చదవని మనిషి కూడా ఆ పటం చూస్తాడు. మా ఫిట్టరు మొత్తం ఫైలులో చూసింది అదొక్కటే.

ఫొటోలు మూడు నాలుగు చాలు, తేదీ, టైము, స్థలం ఫొటో మీదే పడే కెమెరా యాప్‌తో తీసినవి. ఖాళీ బిందెల వరస ఫొటో పేపరుకి బాగుంటుంది, ఇక్కడ ఉపయోగం లేదు. ఒకే ఉదయం, ఒకే టైముకి, ఒకటో లైను ధారా నాలుగో లైను ధారా పక్కపక్కన పెట్టండి.

సంతకాల జాబితాలో క్రమసంఖ్య, పేరు, డోర్ నంబరు, కుళాయి కనెక్షన్ నంబరు, సంతకం ఉండాలి. ప్రతి పేజీ పైనా అర్జీ విషయం, తేదీ రాసి ఉండాలి. ఖాళీ తెల్లకాగితం మీద సంతకాలు తీసుకుని వెనక పిన్ను కొడితే, ఇవి వేరే దేనికో పెట్టిన సంతకాలని ఎవరైనా అనచ్చు. ఫోన్ నంబర్లు అందరివీ వద్దు, మాట్లాడే ఇద్దరివి చాలు. కుళాయి పన్ను బకాయి ఉన్నవాళ్లుంటే ముందే కట్టమనండి. కట్టలేనివాళ్లని జాబితాలోంచి తీసేయకండి, కానీ రసీదులు కట్టినవాళ్లవే జతచేయండి.

ఇవ్వడం, తర్వాత వెంటపడటం

రెండు సెట్లు తీసుకెళ్లండి. ఒకటి టపా సెక్షనులో ఇచ్చి, రెండోదాని మీద తేదీతో ముద్ర, ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోండి. "పెట్టి వెళ్లండి సార్, చూస్తాం" అంటారు. ముద్ర వేసేదాకా నవ్వుతూ అక్కడే నిలబడండి. అసలు ఇవ్వనంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. తర్వాత జరిగే ప్రతి మాటా ఆ నంబరు మీదే నడుస్తుంది.

వారం తర్వాత సెక్షనుకి ఫోన్ చేసి ఫైలు ఎవరి దగ్గర ఉందో అడగండి. ఆంధ్రలో సోమవారం కలెక్టరేట్‌లో జరిగే, ప్రజల ఫిర్యాదులు తీసుకునే పీజీఆర్‌ఎస్ కార్యక్రమంలోనూ, 1100 నంబరుకి ఫోన్ చేసి కూడా నమోదు చేయించవచ్చు. తెలంగాణలో సోమవారం ప్రజావాణి ఉంది. హైదరాబాద్‌లో అయితే అసలు అర్జీ మున్సిపల్ ఆఫీసుకి కాదు, జలమండలి డివిజన్ ఆఫీసుకి వెళ్లాలి, ఫోన్ ఫిర్యాదుకి 155313. ఎక్కడ నమోదు చేసినా మొదటి ఇన్‌వార్డ్ నంబరు అందులో రాయండి, లేకపోతే అది కొత్త ఫిర్యాదై మళ్లీ మొదటికి వస్తుంది.

15 రోజులు దాటినా జవాబు లేకపోతే గుర్తు చేస్తూ ఐదు లైన్ల కాగితం ఒకటి, దాంతోపాటు సమాచార హక్కు దరఖాస్తు. ఈ దరఖాస్తు సంఘం పేరిట వేయకండి, చట్టం ఈ హక్కు పౌరులకి ఇచ్చింది, కాబట్టి కార్యదర్శి తన సొంత పేరుతో వేయాలి. మున్సిపాలిటీకైతే 10 రూపాయల పోస్టల్ ఆర్డర్. "నీళ్లు ఎందుకు రావట్లేదు" అని అడిగితే "అది సమాచారం కాదు" అని తిప్పి పంపేస్తారు. ఉన్న రికార్డు నకలు అడగాలి. మేం రాసిపెట్టుకున్న ప్రశ్నలు రెండే: జూన్ 2 నుంచి 22 దాకా మా జోన్‌కి నీరు విడుదల చేసిన వేళలు నమోదైన రిజిస్టరు నకళ్లు, మా ఇన్‌వార్డ్ నంబరు అర్జీ మీద రాసిన నోట్ ఫైలు నకళ్లు. 30 రోజుల్లో ఇవ్వాలి, ఇవ్వకపోతే అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు. మీ లాగ్ పుస్తకం, వాళ్ల రిజిస్టరు పక్కపక్కన పెడితే మిగతాది అదే చెబుతుంది.

అప్పటికీ కదలకపోతే చాలామందికి తెలియని చోటు ఒకటుంది, శాశ్వత లోక్ అదాలత్. న్యాయసేవల అథారిటీల చట్టం, 1987లోని 22ఎ సెక్షన్ నీటి సరఫరాని ప్రజోపయోగ సేవల్లో చేర్చింది. కోర్టు ఫీజు లేదు. ముందు రాజీకి చూస్తారు, కుదరకపోతే తీర్పు కూడా ఇవ్వగలరు. అయితే కోర్టులో కేసు వేయకముందే అక్కడికి వెళ్లాలి, వేశాక కుదరదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆఫీసులో అడిగితే దారి చెబుతారు.

మాకు అంతదాకా పోలేదు. తొమ్మిదో రోజు ఉదయం పావు తక్కువ ఆరుకి ఏఈ గారు, ఫిట్టరు వచ్చారు. పటం పట్టుకుని మలుపు దగ్గర నిలబడితే వాల్వు గది కనబడలేదు. మా మేష్టారు ముందుకొచ్చి, "ఇక్కడే ఉండాలి నాయనా, సీసీ రోడ్డు వేయకముందు దాని మూత మీద కూర్చునే పేపరు చదివేవాణ్ణి" అన్నారు. మర్నాడు కాంక్రీటు పగలగొడితే గది నిండా కంకర, లోపల వాల్వు సగం మూసుకుని, తిప్పితే తిరగకుండా బిగుసుకుపోయి ఉంది. వాల్వు మార్చాక నాలుగో లైన్లో బకెట్టుకి నిమిషం 50 సెకన్లు పట్టింది.

ఆ తర్వాత కూడా మేష్టారిని రెండు వారాలు రాయమన్నాం. మంచి పనైంది, ఎందుకంటే ధార పెరిగింది గానీ ఎగ్గొట్టే వంతులు ఆగలేదు. ఏడు వంతుల్లో రెండు మళ్లీ రాలేదు, రెండుసార్లూ పంప్‌హౌస్‌లో మోటారు ఆగిందనే చెప్పారు, రెండుసార్లూ మా గమనికలో కరెంటు ఉంది. ఇది పైపు సంగతి కాదు, స్టాండ్‌బై మోటారు సంగతి. దానికి ఇంకో అర్జీ ఇచ్చాం, అరపేజీ. సూచికలో పాత ఇన్‌వార్డ్ నంబరు, కింద రెండు తేదీలు, ఒకే కోరిక. అది ఇంకా నడుస్తోంది, పుస్తకం కూడా.